జక్కయ్య అండ్ బ్రదర్స్‌లో బ్రదర్స్ ఎవరు?

విజయవాడ వన్‌టౌన్‌లో కాలవ గట్టు పొడవునా గోతాల సంపూర్ణమ్మను ఎరగనివాళ్లు లేరు. రేకుల షెడ్డు ఒకటి, అందులో గోడవారగా చిరిగిన గోతాల గుట్టలు, మధ్యలో చాపల మీద కూర్చుని దబ్బనాలతో కుట్టే ఆడవాళ్లు, వాళ్ల మధ్య కొంగు బిగించి తిరుగుతూ సంపూర్ణమ్మ. పాత గోతాలు కొంటుంది, మాసికలు వేయించి రైసుమిల్లులకూ సొసైటీలకూ అమ్ముతుంది. ముప్పావు వంతు తెల్లబడ్డ తలా, ఒంటి మీద ఎప్పుడూ గోనె పీచూ. దగ్గరికి వెళితే ధాన్యం దుమ్ము వాసన.

ఆమెకు ఎవరి మీదా నమ్మకం లేదు. అది ఆమె తప్పు కాదు, వ్యాపారం అలాంటిది. పాత గోతాలు అమ్మేవాడు పైనా కిందా మంచివి పెట్టి, చిల్లులు పడ్డవి కట్ట మధ్యలో దూరుస్తాడు. తాడు విప్పి ఒక్కొక్కటీ వెలుతురుకు అడ్డం పెట్టి చూడకపోతే మునిగిపోయినట్టే. ఇన్నేళ్లూ గోతాలను అలా చూసీ చూసీ, ఆమె మనుషుల్ని కూడా అలాగే చూడటం మొదలుపెట్టింది. పలకరిస్తే ఎందుకు పలకరించాడా అనుకునేది. పలకరించకపోతే ఏం దాస్తున్నాడా అనుకునేది.

భర్త జక్కయ్య రైల్వే గూడ్స్ షెడ్డులో హమాలీ. మాట తక్కువ మనిషి. పెళ్లయిన కొత్తలో అతను షెడ్డులో పారేసిన చిరుగు గోతాలు నాలుగు ఇంటికి తెస్తే, గుణదలలో వాళ్ల గుడిసె ముందు కూర్చుని ఆమె కుట్టింది. అమ్మింది. ఆ డబ్బుతో మరికొన్ని కొన్నది. అలా అలా గుణదల నుంచి వన్‌టౌన్ దాకా వచ్చి షెడ్డు అద్దెకు తీసుకుంది. గోతాలకు నిప్పంటుకుంటుందని మునిసిపాలిటీ వాళ్లు లైసెన్సు ఉండాలంటే, నెలల తరబడి తిరిగి తన పేరున తెచ్చుకుంది. జక్కయ్య తన కూలి తాను తెచ్చుకునేవాడు. గోతాల జోలికి వచ్చేవాడు కాదు.

బోర్డు రాయించేటప్పుడు మాత్రం ఆమె ఒక పని చేసింది. ఆ వీధిలో ప్రతి కొట్టు మీదా ‘అండ్ సన్స్’ అనో ‘అండ్ కంపెనీ’ అనో ఉంది. ఆడమనిషి పేరు పెడితే మిల్లు గుమాస్తాలు బేరం చెయ్యకుండా వదలరు. అందుకని పెయింటరుతో, “జక్కయ్య అండ్ సన్స్ అని రాయి” అంది.

“మీకు మగపిల్లలెందరమ్మా?” అన్నాడు వాడు.

“ఇద్దరూ ఆడపిల్లలే.”

“మరి సన్స్ అంటే వీధిలోవాళ్లు నవ్వరూ?”

ఆమె ఆలోచించింది. జక్కయ్యకు తమ్ముడున్నాడు, శౌరయ్య. బట్టల కొట్లో గుమాస్తా. “అయితే బ్రదర్స్ అని రాయి.”

“ఒక్క తమ్ముడేగా, బ్రదర్ అని చాలు.”

“ఒక్కడంటే ఏం నిండుగా ఉంటుంది? నువ్వు బ్రదర్స్ అనే రాయి, అక్షరానికి వేరే డబ్బు అడక్కు.”

అలా ‘జక్కయ్య అండ్ బ్రదర్స్’ అయింది. ఆ జక్కయ్యనూ అడగలేదు, ఆ బ్రదరునూ అడగలేదు. లైసెన్సులోనూ అదే ఎక్కింది: సంపూర్ణమ్మ, వ్యాపారం పేరు జక్కయ్య అండ్ బ్రదర్స్. బిల్లు పుస్తకం కూడా అదే పేరుతో అచ్చయింది. అన్నేళ్లూ ఆ పేరు వల్ల మేలే గానీ కీడు జరగలేదు.

కీడు చల్లపల్లి నుంచి వచ్చింది.

చల్లపల్లిలో ధాన్యం సొసైటీ ఒకటి ఏటా మాసూళ్లకు ముందు ఆమె దగ్గర గోతాలు కొనేది. లారీ దిగగానే డబ్బు చేతిలో పెట్టేవారు. ఆ ఏడు ఆడిటరు వచ్చి ఇంత పెద్ద మొత్తాలు రొక్కంగా ఇవ్వడమేమిటని తగులుకున్నాడట. గోతాలన్నీ దింపించుకుని, సొసైటీ సెక్రటరీ ఆమె చేతిలో ఒక చెక్కు పెట్టాడు. మూలన రెండు గీతలు గీసి వాటి మధ్య ఏదో ఇంగ్లీషు.

“నోట్లు లేవా బాబూ?” అంది సంపూర్ణమ్మ.

“ఇకనుంచి ఇదేనమ్మా. బ్యాంకులో వేసుకోండి. ఆరు నెలల్లోపు వేసుకోవాలి, తరవాత చెల్లదు.”

ఆ ఏటి పెట్టుబడంతా ఆ కాగితం ముక్కలో ఉంది. కుట్టుకూలీలకివ్వాలి, పురికొసకివ్వాలి, వచ్చే సీజనుకు పాత గోతాలు కొనాలి. బస్సులో విజయవాడ వచ్చేదాకా జాకెట్టులో పెట్టుకున్న చెక్కును తడుముకుంటూనే ఉంది.

మర్నాడు వన్‌టౌన్‌లో బ్యాంకుకు వెళ్లింది. గవర్నమెంటు బ్యాంకు అయ్యాక పేదవాళ్లు కూడా రావచ్చన్నారు గానీ, గుమ్మంలో తుపాకీ పట్టుకున్నవాణ్ని చూస్తే కాళ్లు వెనక్కే పోతాయి. కౌంటరులో తిరుపతిరావనే గుమాస్తా చెక్కును అటూ ఇటూ తిప్పాడు.

“పాసు పుస్తకం ఉందా?”

“పోస్టాఫీసు పుస్తకం ఉంది. నా పేరునే.”

“అందులో పడదమ్మా. ఈ రెండు గీతలు చూడండి. ఈ పేరున్న ఖాతాలోనే జమ కావాలని రాశారు. మీ పేరా ఇది? కొట్టు పేరు. కొట్టు పేరున కరెంటు అకౌంటు తెరవాలి.”

“అదేదో తెరవండి మరి.”

తిరుపతిరావు నవ్వాడు. “తెరవండంటే తెరుస్తామా? ఫారం నింపాలి. ఇక్కడ ఖాతా ఉన్నవాళ్లెవరైనా మిమ్మల్ని ఎరుగుదుమని ఇంట్రడక్షన్ సంతకం పెట్టాలి. కొట్టు ఉందని రుజువు, మీ మునిసిపల్ లైసెన్సు, తేవాలి. సేల్సుటాక్సు నంబరుంటే అదీను. కొట్టుకు యజమాని మీరొక్కరేనని ఉత్తరం రాసివ్వాలి. మొదటి జమ రొక్కంగా కట్టాలి, ఈ చెక్కుతో తెరవడం కుదరదు. ఆ పైన రెండు వందలు ఎప్పుడూ నిల్వ ఉండాలి.”

“వడ్డీ ఎంతిస్తారు?”

“కరెంటు అకౌంటుకు వడ్డీ ఉండదు.”

సంపూర్ణమ్మ కళ్లు చిన్నవయ్యాయి. “ఉండదా?”

“ఉండదు. పైగా పద్దులు ఎక్కువైతే ఆరు నెలలకోసారి లెడ్జరు ఛార్జీ పడుతుంది. చెక్కు బుక్కుకు కొంత. నిల్వ తగ్గితే ఇంకొంత.”

“అంటే నా డబ్బు మీ దగ్గర పెట్టాలి, మీరు వడ్డీ ఇవ్వరు, పైగా మీ కూలి నేనే ఇవ్వాలి.”

“అంతేనమ్మా.”

“సేవింగ్సులో వడ్డీ ఇస్తారుగా, అదే తెరవండి!”

“వ్యాపారానికి సేవింగ్సు కుదరదు.”

“కుదరదా, మీరు కుదర్చరా?”

వెనక వరసలో ఉన్నవాళ్లు విసుక్కుంటున్నారు. గొడవ విని లోపలి గదిలోంచి ఏజెంటు పిలిపించాడు. బ్యాంకుకు పెద్దాయన్ను అప్పట్లో ఏజెంటనే వాళ్లు. ఆయన పేరు భానుమూర్తి. కళ్లజోడు ముక్కు చివరికి దింపి చెక్కు చూశాడు, ఆమెను చూశాడు.

“కూర్చోండమ్మా. జక్కయ్య అండ్ బ్రదర్స్. జక్కయ్య ఎవరు?”

“మా ఆయన.”

“బ్రదర్స్ ఎవరు?”

ఇన్నేళ్లలో సంపూర్ణమ్మను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

“ఎందుకడుగుతున్నానంటే,” అన్నాడాయన, “పేరు చూస్తే అన్నదమ్ముల భాగస్వామ్యంలా ఉంది. భాగస్వామ్యమైతే దస్తావేజు కావాలి, వాళ్లందరి సంతకాలూ కావాలి, ఖాతా అందరిదీ అవుతుంది. మీరొక్కరే యజమాని అయితే అదే మాట రాసివ్వండి. కానీ బాగా ఆలోచించి రాయండి. రేపు ఎవరైనా వచ్చి నాకూ వాటా ఉందంటే చిక్కు మీకూ, మాకూ.”

“ఆ పేరు తీసేసి నా పేరున తెరవండి బాబూ.”

“తెరవచ్చు. అప్పుడీ చెక్కు అందులో పడదు.”

సంపూర్ణమ్మ బయటికి వచ్చి ఎండలో నిలబడింది. చెక్కు మారాలంటే కొట్టు ఆ పేరునే ఉండాలి. ఆ పేరున ఉంటే బ్రదర్స్ లెక్కలోకి వస్తారు. తన చేత్తో, తన డబ్బులతో, పెయింటరుతో బేరమాడి మరీ శౌరయ్యను కొట్టు మీదికి ఎక్కించింది.

ఇంటికి వెళ్లి జక్కయ్యకు చెప్పింది. అతను అన్నం కలుపుకుంటూ విన్నాడు. “ఊఁ” అన్నాడు. ఆ ‘ఊఁ’లో ఏముందో ఆమెకు అంతుబట్టలేదు. మామూలుగా అయితే దాన్ని పట్టించుకునేది కాదు.

రెండు మూడు రోజులకు ఒక విషయం కంటబడింది. శౌరయ్య కాలవ గట్టున నిలబడి బోర్డు కేసి చూస్తున్నాడు. పెదవులు కదుపుతూ చదువుతున్నాడు. ఆమె షెడ్డులోంచి, “ఏం శౌరయ్యా, లోపలికి రావేం?” అని కేకేస్తే, ఉలిక్కిపడి, “పనుంది వదినా” అంటూ చకచకా వెళ్లిపోయాడు. ఇన్నేళ్లలో గోతాల వాసన పడదని ఆ గట్టుకే రాని మనిషి.

ఆదివారం గుణదల మరియమ్మ గుడిలో పూజ అయ్యాక, ఎప్పుడూ పిల్లల్ని ముద్దాడందే కదలని మరిది, వేరే తలుపు గుండా బయటపడ్డాడు. మంగళవారం, ఆమె దగ్గర గోతాలు కుట్టే అమలమ్మ పరుగెత్తుకొచ్చింది. “అమ్మా, మీ మరిది బ్యాంకులోంచి వస్తున్నాడు. నేను చూశా, ఈ రెండు కళ్లతో.”

సంపూర్ణమ్మ చేతిలో దబ్బనం ఆగిపోయింది.

ఆ సాయంత్రం జక్కయ్య రాగానే పట్టుకుంది. “బ్యాంకు సంగతి మీ తమ్ముడికి చెప్పావా?”

“చెప్పా.”

“ఏమని?”

“బ్రదర్స్ ఎవరని ఏజెంటు అడిగాడంట అని.”

“ఎందుకు చెప్పావయ్యా?”

“బ్రదరు వాడేగా,” అన్నాడు జక్కయ్య.

ఇక ఆమెకు నిద్ర పట్టలేదు. అన్నదమ్ములిద్దరూ ఒకటయ్యారు, ఆమెకు అర్థమైపోయింది. చల్లపల్లి సెక్రటరీ కూడా కలిశాడేమో ఎవరికి తెలుసు! లేకపోతే ఇన్నాళ్లూ నోట్లిచ్చినవాడు ఈ ఏడే చెక్కెందుకిచ్చాడు? ఆ గీతలెందుకు గీశాడు? ఆలోచిస్తే బ్యాంకు కూడా వాళ్ల పక్షమే అనిపించింది.

కానీ ఊరుకుంటే చెక్కు పాతబడిపోతుంది. ముందు ఇంట్రడక్షనుకు మనిషిని పట్టాలి. ఆమెకు తెలిసినవాళ్లలో ఆ బ్యాంకులో ఖాతా ఉన్నది పురికొస శావుకారు పూర్ణచంద్రరావు ఒక్కడే. పురికొస చుట్టల మధ్య మెత్త మీద కూర్చుని ఉంటాడు. వెళ్లి సంగతి చెప్పింది.

“సంతకమా?” అన్నాడాయన జాగ్రత్తగా. “హామీ సంతకమేనా?”

“ఎరుగుదునని సంతకమట, శావుకారు గారూ.”

“ఎరుగుదునంటే ఎంతవరకూ ఎరుగుదునని? రేపు నువ్విచ్చిన చెక్కు తిరిగొస్తే నా దగ్గరికి వస్తారా?”

“మీరు సంతకం పెడితే నా ఖాతాలో ఎంతుందో మీకు చెబుతారా?” అని ఆమె ఎదురడిగింది.

“నాకేం తెలుసు?”

“తెలిస్తే మీరు పురికొస రేటు పెంచరూ?”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ భయమే, ఇద్దరిదీ ఒకటే రకం భయం. చివరికి ఆయన, “బ్యాంకుకు వస్తాను. ఏజెంటు గారిని అడిగి, ఆయన చెప్పినదాన్ని బట్టి చూస్తాను. మాట ఇవ్వడం లేదు సుమా” అన్నాడు.

ఆ రోజు వచ్చింది. సంపూర్ణమ్మ మునిసిపల్ లైసెన్సును గుడ్డలో చుట్టి, మొదటి జమకు రొక్కం కొంగున కట్టి, జక్కయ్యను వెంటబెట్టుకుని బయలుదేరింది. అతన్ని ఎందుకు తీసుకెళ్లిందంటే, ఇంటి దగ్గర వదిలితే తమ్ముడితో ఏం మాట్లాడతాడోనని. అతనేమో గూడ్స్ షెడ్డుకు సెలవు పెట్టి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఆ చొక్కా చూసి కూడా ఆమెకు అనుమానమే. బ్యాంకుకు వస్తే చొక్కా ఎందుకు మార్చాలి?

పూర్ణచంద్రరావు అప్పటికే ఏజెంటు గదిలో ఉన్నాడు. జక్కయ్య లోపలికి రానని గుమ్మం పక్క బల్ల మీద కూర్చున్నాడు. ఆమె లైసెన్సు విప్పి ఇచ్చింది. భానుమూర్తి దాన్ని ఫారంతో పోల్చి చూసి, “బాగానే ఉంది. యజమానిగా మీ పేరే ఉంది. ఇంట్రడక్షన్...” అంటూండగానే తలుపు తోసుకుని శౌరయ్య లోపలికి వచ్చాడు.

“చూశారా!” అంది సంపూర్ణమ్మ లేచి. “వచ్చాడు! నేననుకుంటూనే ఉన్నా. ఏజెంటు గారూ, ఈయనే బ్రదరు. నా రెక్కల కష్టం తినడానికి వచ్చాడు. ఒక్క గోతానికి ఒక్క మాసిక వేసినవాడు కాదు.”

“వదినా, కాస్త ఆగు...”

“ఆగేదేంటి? మీ అన్నకు చెప్పు ఆగమని, నాకు కాదు. వాటా కావాలా నీకు? దబ్బనం పట్టుకోవడం వచ్చా?”

“వాటా నాకెందుకు వదినా!” అన్నాడు శౌరయ్య. ఏజెంటు వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. “అయ్యా, మొన్న కూడా వచ్చా, మీరు లేరు. ఈ బోర్డు మీదున్న బ్రదరు నేను కాదండి. నాకూ ఈ కొట్టుకూ ఏ సంబంధం లేదు. నన్నెక్కించకండి. మా బట్టల కొట్టు శావుకారు చెప్పాడు, భాగస్తుడినైతే కొట్టు మునిగినప్పుడు నా ఇంట్లో గిన్నెలు కూడా పట్టుకుపోతారంట. సేల్సుటాక్సు వాళ్లు వస్తే నన్నే పట్టుకుంటారంట. నాకు ముగ్గురు పిల్లలండి. మా వదిన మంచిదే, కానీ తెలివైంది. నా పేరు నన్నడక్కుండా ఎందుకు రాయించిందంటారు? నన్ను ఇరికించడానికి కాకపోతే?”

పైన ఫ్యాను టకటకా తిరుగుతోంది.

సంపూర్ణమ్మ నిలబడ్డదల్లా కూర్చుంది. తను అతన్ని ఎంత అనుమానించిందో అతనూ తనను అంతే అనుమానించాడు. అతను ఇన్ని రోజులూ తన కంటబడకుండా తప్పించుకుని తిరిగింది దీనికా! నవ్వాలో తిట్టాలో తెలియలేదు. “నేను నిన్ను ఇరికిస్తానా రా?” అంది చివరికి. “నిండుగా ఉంటుందని పెట్టాను, అంతే.”

“నిండుగానా?” అన్నాడు శౌరయ్య ఏడుపు మొహంతో.

అయితే దానితో పని తేలలేదు, మరో అనుమానం పుట్టింది. భానుమూర్తి కలం పక్కన పెట్టి వెనక్కి వాలాడు. “అమ్మా, ఈయన ఇంత గట్టిగా వద్దంటున్నాడు. కొట్టు మీద అప్పులేమైనా ఉన్నాయా? వేరే బ్యాంకులో ఏమైనా తీసుకున్నారా?”

అప్పులన్న మాట వినగానే, సంతకానికని కలం మూత తీసిన పూర్ణచంద్రరావు మూత పెట్టేశాడు.

“నాకు ఏ బ్యాంకులోనూ నయాపైసా అప్పు లేదు. మరియమ్మ తల్లి సాక్షి!” అంది సంపూర్ణమ్మ. “శావుకారు గారూ, మీరు చెప్పండి. మీ దగ్గర ఇన్నేళ్లుగా పురికొస కొంటున్నాను.”

పూర్ణచంద్రరావు ఆమెను పైనుంచి కిందికి చూశాడు. ఆ చూపుతోనే తన జీవితంలో మొదటిసారి ఎవరో కట్ట విప్పి తనను వెలుతురుకు పెట్టి చూస్తున్నట్టు ఆమెకు అనిపించింది. ఆయన సంతకం పెట్టకపోతే ఖాతా లేదు. ఖాతా లేకపోతే చెక్కు లేదు, చెక్కు లేకపోతే వచ్చే సీజనుకు షెడ్డు లేదు.

“నేను పెట్టే సంతకానికి అర్థమేమిటండీ?” అని అడిగాడాయన ఏజెంటును.

“ఈ మనిషిని ఎరుగుదును, ఈ వ్యాపారం చేస్తున్నది ఈమే అని. అంతే. ఆమె చేసే అప్పుకు మీరు జామీను కాదు. ఆమె ఖాతాలో సంగతులు మీకు చెప్పేదీ లేదు.”

పూర్ణచంద్రరావు గడ్డం నిమురుకున్నాడు. “అయితే విషయం చెబుతానండీ. ఈవిడ నా కొట్టుకు వచ్చేటప్పుడు తన తక్కెడ తనే తెచ్చుకుంటుంది. నా తూకం మీద నమ్మకం లేదు. నేను తూచాక తను మళ్లీ తూస్తుంది. పురికొస చుట్ట లోపల తడి ఉందేమోనని వేలు పెట్టి చూస్తుంది. రాసిచ్చిన చీటీని ఇంటికెళ్లి చదివించుకుని, తేడా ఉందని మర్నాడు తగాదాకు వస్తుంది. తేడా లేకపోయినా వస్తుంది. ఇలాంటి మనిషి అప్పు చేస్తుందా? చేసినా అప్పిచ్చినవాడు బతుకుతాడా?”

తిరుపతిరావు ఏదో కాగితం కోసం వచ్చి అక్కడే నిలబడిపోయి కిసుక్కున నవ్వాడు. శావుకారు కలం మూత మళ్లీ తీసి, ఫారంలో చూపించిన చోట సంతకం పెట్టి, కింద తన ఖాతా నంబరు వేశాడు. ఆ నంబరు వేసేటప్పుడు ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, సంపూర్ణమ్మ చూడకుండా.

ఇక మిగిలింది యజమాని ఉత్తరం. భానుమూర్తి రాయించి, చదివి వినిపించాడు. జక్కయ్య అండ్ బ్రదర్స్ అనేది వ్యాపారానికి పెట్టుకున్న పేరు మాత్రమే. దానికి నేను ఒక్కదాన్నే యజమానిని. ఇందులో మరెవరికీ భాగం లేదు. ఈ ఖాతా వ్యవహారాలకు, వ్యాపారం అప్పులకు, పూర్తి బాధ్యత నాదే. మార్పు జరిగితే బ్యాంకుకు తెలియజేస్తాను.

“మరెవరికీ, అంటే?” అంది సంపూర్ణమ్మ.

“అంటే ఈయనకు లేదు. మీవారికీ లేదు. లాభం వచ్చినా మీదే, మునిగినా మీదే. బ్యాంకుకు మీ సంతకం ఒక్కటే చాలు. కానీ పేరు ఆయనది కాబట్టి, ఒక మాట అడిగితే నాకు తృప్తి.” ఏజెంటు గుమ్మం వైపు చూసి, “జక్కయ్య గారూ, ఇలా రండి” అన్నాడు.

జక్కయ్య వచ్చి నిలబడ్డాడు. గారు అనిపించుకోవడం అలవాటు లేక ముందు వెనక్కి తిరిగి చూశాడు.

“ఈ వ్యాపారంలో మీకేమైనా వాటా ఉందా?”

అతను ముందు సంపూర్ణమ్మ వైపు చూశాడు. ఆమె శౌరయ్య మీద ఇన్ని రోజులూ కాపలా కాసింది గానీ, ఈ మనిషి సంగతి ఆలోచించలేదు. మొదటి నాలుగు గోతాలు తెచ్చింది ఇతనే. ఇప్పుడు ఉందంటే ఏం చేస్తుంది? లేదని ఎలా అంటుంది? ఉతికిన చొక్కా ఇందుకే వేసుకున్నాడా?

“లేదండి,” అన్నాడు జక్కయ్య. “కొట్టు ఆమెదే. నేను గూడ్స్ షెడ్డులో మోస్తా. ఆ నాలుగు గోతాలూ రైల్వేవాళ్లు పారేసినవి, నావి కూడా కాదు.” చొక్కా సర్దుకుని, “పేరు పెట్టేటప్పుడు నన్నడగలేదు. అడిగితే అప్పుడే చెప్పేవాణ్ని, సంపూర్ణం అని పెట్టుకోమని” అన్నాడు.

సంపూర్ణమ్మ తల వంచుకుని ఉత్తరం మీద తెలుగులో సంతకం పెట్టింది. తరవాత మాదిరి సంతకాల అట్ట ఇచ్చారు. మళ్లీ మళ్లీ పెట్టమంటే ఆమెకు తిరిగి అనుమానం పుట్టి, “ఇన్నెందుకు? ఒకటి చాలదా?” అంది. చెక్కు మీద సంతకంతో పోల్చడానికని తిరుపతిరావు చెప్పాడు. “చెయ్యి వణికితే?” అంది. “వణికినా మీ వణుకే ఉండాలమ్మా” అన్నాడు. కొట్టు పేరూ, కింద యజమాని అని ఉండే రబ్బరు స్టాంపు ఒకటి చేయించి తెమ్మన్నారు. కొంగు ముడి విప్పి రొక్కం కట్టింది. ఖాతా తెరిచినందుకు ఫీజేమీ లేదంటే నమ్మలేక రెండుసార్లు అడిగింది.

చెక్కును జమ చీటీతో ఇస్తే, తిరుపతిరావు, “ఇది చల్లపల్లి చెక్కు. అక్కడికి పంపించి, డబ్బొచ్చాక జమ చేస్తాం. కమీషనూ పోస్టు ఖర్చూ పట్టుకుంటాం” అన్నాడు.

“పోస్టు ఖర్చు కూడా నాదేనా!”

“చెక్కు మీదేగా.”

కమీషనెంతో, రశీదు ఇస్తారో ఇవ్వరో, చెక్కు దారిలో పోతే ఎవరిది పూచీయో ఆమె ఓపిగ్గా అన్నీ కనుక్కుంది.

లేవబోతుంటే భానుమూర్తి అన్నాడు: “ఇంకొక్కటి. మీరు జబ్బుపడితే చెక్కులు ఆగిపోతాయి. కావాలంటే మీ తరఫున సంతకం పెట్టే అధికారం మీవారికి రాసివ్వవచ్చు. వాటా కాదు, సంతకం మాత్రమే. ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు.”

సంపూర్ణమ్మ జక్కయ్య వైపు చూసింది. జక్కయ్య ఫ్యాను వైపు చూస్తున్నాడు.

“ఇప్పుడొద్దు బాబూ,” అంది.

బయటికి వచ్చారు. పూర్ణచంద్రరావు రిక్షా ఎక్కి వెళ్లిపోయాడు. శౌరయ్య ఒడ్డెక్కినవాడిలా, “వస్తా వదినా, ఆదివారం పిల్లల్ని తీసుకురా” అని తన కొట్టు దారి పట్టాడు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఎండలో నడుస్తున్నారు. ఆమె ఉండబట్టలేక అడిగింది.

“ఆ సంతకం అధికారం సంగతి అడగవేం?”

“అడిగితే ఇస్తావా?”

“ఇవ్వను.”

“అందుకే అడగలేదు.”

ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకుంది. సందు మొగలో కాకా హోటలు ముందు ఆగి, “టీ తాగుతావా?” అంది.

“ఎవరి లెక్కలో?”

“కొట్టు లెక్కలో.”

“కొట్టు ఎవరిది?”

సంపూర్ణమ్మ చుట్టూ చూసింది, ఎవరైనా వింటున్నారేమోనని. “నాదే,” అంది.

“అయితే రెండు ఇడ్లీ కూడా చెప్పు,” అంటూ జక్కయ్య బల్ల మీద స్థిరంగా కూర్చున్నాడు.